పోయిన తాళంచెవి, సగం సగం లెక్క

రాఖీ పండక్కి మహబూబ్‌నగర్ వెళ్లి నల్లగొండ తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా చిన్న పర్సు పోయింది. జడ్చర్లలో కండక్టరుకు ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకున్నది గుర్తుంది. కల్వకుర్తి దాటాక కునుకు పట్టింది. దేవరకొండ దాటి మెలకువ వచ్చి చూస్తే ఒళ్లో సంచి ఉంది, పర్సు లేదు. అందులో నూటడెబ్బై రూపాయలు, ఆధార్ కార్డు, ఇంటి తాళంచెవి ఉన్నాయి. బస్టాండులో అడిగాను. ఎవరూ తెచ్చివ్వలేదన్నారు.

మా వారి దగ్గర ఇంకో చెవి ఉంది కాబట్టి ఆ రాత్రి ఇంట్లోకి వెళ్లడానికి ఇబ్బంది కాలేదు. "దానిదేముంది, ఇంకోటి చేయించుకో" అన్నారాయన. నేనూ సరే అనుకున్నాను. పడుకున్నాక తట్టింది. చెవి ఒక్కటే పోతే అది ఏ ఊర్లో ఏ ఇంటిదో దొరికినవాళ్లకు తెలియదు. నా చెవి పక్కనే ఆధార్ ఉంది, దాని మీద ఈ ఇంటి నంబరు, వీధి పేరుతో సహా ఉన్నాయి. చెవితో పాటు చిరునామా కూడా పోయిందంటే మారుచెవి చేయించుకుని లాభం లేదు. ఆ తాళమే మారాలి.

మరి ఇల్లు మాది కాదు. తలుపు ఓనరు సారుది. చెప్పకుండా మార్చకూడదు. చెబితే ఏమంటారో! రిటైరైన టీచరు, మాట కొంచెం కటువు. గోడకు మేకు కొట్టాలన్నా అడగాల్సిందే. అడ్వాన్సులో పట్టుకుంటారేమో, "పైలం లేని మనిషి" అంటారేమో అని నాలుగు రోజులు నోరు మెదపలేదు. ఆ నాలుగు రోజులూ ఇల్లు కదల్లేదు. రాత్రి లోపల గడియ పెట్టుకుంటే ఏ చెవీ పనిచేయదు కాబట్టి భయం లేదు. పగలే భయమంతా. మా పాప నాలుగింటికి బడి నుంచి వస్తుంది. నేను బయటికి పోతే అది ఒంటరిగా ఉంటుంది. నాలుగో రోజు మధ్యాహ్నం గేటు చప్పుడైతే గుండె జారిపోయింది. చూస్తే కరెంటు మీటరు చూసే అబ్బాయి. ఇక లాభం లేదనుకుని కింది వాటాకు దిగాను.

"సారూ, మీకో మాట చెప్పాలె. ఇంటి చెవి బస్సులో పోయింది. దాంతోపాటు ఆధార్ కార్డు కూడా పోయింది. తాళం మారిస్తే మంచిదనిపిస్తుంది. మీరేమంటరు? పోగొట్టింది నేనే, కాదనను. ఖర్చు సంగతి మీతో మాట్లాడి చేద్దామని వచ్చిన."

"ఎప్పుడు పోయింది?"

"నాలుగొద్దులైంది సారూ."

"నాలుగొద్దులా! గీ ముచ్చట గప్పుడే చెప్పద్దా బిడ్డా? కింద మేమూ ఉన్నం గదా."

చెవి పోయినందుకు ఒక్క మాట అనలేదు. ఆలస్యం చేసినందుకే కోప్పడ్డారు. కింద ఉన్న ఇద్దరు పెద్దవాళ్లకూ అదే గేటు, అదే మెట్లు అని నాకు అంతవరకూ తోచలేదు. లోపలికి వెళ్లి ఒక పాత తాళంకప్ప తెచ్చిచ్చి, "తాళం మారేదాక బయట గొళ్లేనికి ఇది ఎయ్యి" అన్నారు. నాలుగు రోజుల నా చెరకు మందు ఆ కప్పే. ముందే అడిగి ఉంటే!

మర్నాడు నేను పిలిపించిన మెకానిక్ తలుపు చూసి, సెట్టు మొత్తం మార్చాలి, రెండు వేల ఎనిమిది వందలవుతుందన్నాడు. సారు ఒప్పుకోలేదు. తనకు తెలిసిన ముసలి మెకానిక్‌ను పిలిపించారు. ఆయన చేసింది చూశాక తాళమంటే ఏమిటో నాకు అర్థమైంది.

మా తలుపుది హ్యాండిలున్న తాళం. చెవి పట్టే ఇత్తడి ముక్కను సిలిండర్ అంటారు. చెవి సరిపోవడం, సరిపోకపోవడం అంతా దాని లోపలే ఉంటుంది. హ్యాండిలూ, తలుపు లోపలి పెట్టే పాతవే ఉంచి ఆ ముక్కొక్కటి మార్చితే పాత చెవి ఇక పనికిరాదు. తలుపు తెరిచి పెట్టి, అంచున సిలిండర్‌కు ఎదురుగా ఉన్న పొడుగాటి బోల్టు విప్పాడు. చెవి పెట్టి కొంచెం తిప్పాడు. అలా తిప్పితేనే పక్కకు పొడుచుకొచ్చిన నాలుక లోపలికి సర్దుకుని సిలిండర్ బయటికి వస్తుందట. కొలిచాడు. బోల్టు రంధ్రం నుంచి అటు 30, ఇటు 30, మొత్తం 60 మిల్లీమీటర్లు. పొడుగు ఎక్కువైతే బయటికి పొడుచుకొస్తుంది, పట్టుకారుతో పట్టి విరవడం సులువట. కొత్తది బిగించాక తలుపు వేయకుండానే మూడు చెవులూ నాలుగైదు సార్లు తిప్పి చూపించాడు. తలుపు వేశాక పట్టేస్తే బయటే నిలబడాలి కదా! వెనకటి పొడుగు చెవుల తాళాలకు మాత్రం ఈ కిటుకు కుదరదనీ, వాటికి సిలిండర్ ఉండదనీ చెప్పాడు.

సిలిండర్ 850, కూలి 200. మొత్తం 1050 రూపాయలు.

మా తమ్ముడికి ఫోన్ చేస్తే, 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో తలుపుల తాళాలు మార్చే ఖర్చు కిరాయిదారు పద్దులోనే ఉందన్నాడు. రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకుంటేనే అది వర్తిస్తుంది, రాసుకున్న ఒప్పందంలో వేరేగా ఉంటే ఒప్పందమే లెక్క. మా పదకొండు నెలల కాగితంలో తాళం ఊసే లేదు. ఎట్లా చూసినా తప్పు నాది కాబట్టి మొత్తం ఇవ్వడానికే సిద్ధపడి వెళ్లాను. ఊరికే ఒక మాట అడిగాను.

"సారూ, పాత తాళానికి మొత్తం ఎన్ని చెవులుండె?"

ఆయన ఆలోచించారు. "మూడు. మీకు రెండే ఇచ్చిన గదా? ముందటోళ్లు ఖాళీ చేసినప్పుడు రెండే ఇచ్చిన్రు. ఒకటి దొరుకుతలేదన్నరు."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అంటే మేం దిగిన రోజు నుంచీ మా ఇంటి చెవి ఒకటి బయటే ఉంది. రెండేళ్లు నిశ్చింతగా పడుకున్నాం!

"అయితే మీరు దిగేముందే నేను మార్చాల్సింది" అన్నారు సారు. కాసేపాగి, "సగం నాది, సగం నీది" అన్నారు. నా వాటా 525. ఆయన వాటా 525 వచ్చే నెల కిరాయిలో తగ్గించుకోమన్నారు. నా అంతట నేను తగ్గించుకుంటే అది వేరే గొడవ. అందుకే కిరాయి పుస్తకంలో తేదీ వేసి, "తాళం సిలిండర్ మార్పు, 525 కిరాయిలో మినహాయింపు, చెవులు మూడు" అని రాసి ఆయన సంతకం తీసుకున్నాను. మూడో చెవి ఆయనకివ్వబోతే, "నాకెందుకు బిడ్డా, పాపకియ్యి" అన్నారు. పాత సిలిండర్ మాత్రం కాగితంలో చుట్టి దాచుకున్నారు.

పాప చెవికి ఎర్ర దారం కట్టి బడి సంచి లోపలి జేబుకు కుట్టాను. నా చెవి ఇప్పుడు పర్సులో లేదు, కొంగుకు ముడేసి ఉంటోంది, మా అమ్మ చెవుల గుత్తిలాగే.