దీపాల వేళ మందారం

మాది బరంపురం దగ్గర సోనేపూర్. మా మామ్మ పట్టుచీరల మనిషి. "దీపాలేళ దాటాక రంగులు చూడకండర్రా" అనేది. అదో పాతకాలపు పట్టింపు అనుకునేవాళ్ళం.

మా చెల్లి పెళ్ళికి మామ్మ పెళ్ళిచీరే కట్టాలనుకున్నాం. కుంభం అంచున్న బరంపురం పట్టు అది. ముదురెరుపు అంచు ఒకచోట విడిపోయింది. ముందురోజు సాయంత్రం దారం కొనడానికి వెళ్తే కొట్లో కరెంటు లేదు. మెట్ల మీద నిలబడి, మసక వెలుతురులో అంచు పక్కన దారం పెట్టి చూశాం. రెండూ ఒకే నలుపు. సరిపోయిందనుకుని తెచ్చేశాం. తెల్లారి చూస్తే అది కాఫీ రంగు దారం! వేరే దారానికి టైము లేదు. దానితోనే కుట్టాం. ఆ కుట్టు ఇప్పటికీ కనిపిస్తుంది.

కారణం తర్వాత తెలిసింది. మన కంట్లో రెండు రకాల కణాలున్నాయి. శంకు కణాలు పగటివి, రంగులు పోల్చేవి అవే. దండ కణాలు మసక వెలుతురువి, వాటికి రంగులు తెలీవు, వెలుగు ఎంతుందో మాత్రమే తెలుస్తుంది. పగటి చూపు సుమారు 555 నానోమీటర్ల పసుపు కలిసిన ఆకుపచ్చ వెలుగును ఎక్కువగా పట్టుకుంటుంది. దండ కణాలకు బాగా కనిపించేది 507 దగ్గరి నీలిపచ్చ. ముదురెరుపు వాటికి దాదాపు కనబడదు. సంజెలో పని వీటి చేతికి వస్తుంటే నీలం, పచ్చ తేలతాయి, ఎరుపు నల్లబడిపోతుంది. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 1825లో దీని గురించి రాశాడు. అందుకే దీనికి ఆయన పేరే పెట్టారు.

మీరూ చూడొచ్చు. మిట్టమధ్యాహ్నం మా పెరటి ఎర్రమందారం ఆకుల్లోంచి వెలిగిపోతుంది. పొద్దుగుంకాక దీపం వెయ్యకుండా అరగంట అక్కడే కూర్చోండి, దండ కణాలు పూర్తిగా తేరుకోవడానికి అంత సేపు పడుతుంది. ఇప్పుడు పువ్వుకేసి సూటిగా కాకుండా కొంచెం పక్కకి చూడండి. చూపు నడిబొడ్డున దండ కణాలుండవు. ఆకులు బూడిదరంగులో తెల్లగా, పువ్వు నల్లగా కనిపిస్తాయి.

ఒక సంగతి మాత్రం వేరు. సూర్యుడు దిగుతున్నప్పుడు సముద్రపు ఒడ్డున అన్నీ ఎర్రగా మెరుస్తాయి కదా, అది కంటి మార్పు కాదు, వెలుగు మార్పు. అప్పుడు ఫోటో తీస్తే ఆ ఎరుపు ఫోటోలోనూ ఉంటుంది. చీకటి పడ్డాక పువ్వు నల్లబడటం మాత్రం మన కంట్లోనే జరుగుతుంది.

మామ్మకి ఈ కణాల సంగతి తెలీదు. ఇప్పుడు మా ఇంట్లో దారం కొనాలంటే పొద్దున్నే వెళ్తాం.