బహుమతి ప్రదానోత్సవమున ఒక ప్రసంగము

పాఠశాలలో వార్షికోత్సవము సమీపించినప్పుడు ప్రధానోపాధ్యాయునకు కలుగు చింతలలో ముఖ్య అతిథిని గూర్చిన చింత యొకటి. పందిరి వేయించుట, బహుమతులు కొనుట, నాటకమునకు వేషములు సమకూర్చుట మున్నగు పనులను ఉపాధ్యాయులు తమలో తాము పంచుకొందురు. కాని వచ్చిన అతిథి యేమి మాటలాడునో, ఎంతసేపు మాటలాడునో యెవరి చేతిలోను లేదు. పిల్లలు మూడు గంటలకే వచ్చి నేలపై వరుసలుగా కూర్చుందురు. ప్రార్థన, స్వాగతము, నివేదిక ముగియునప్పటికి ప్రొద్దు వాలును. అప్పుడు అతిథి లేచి, "బాగుగా చదువుడు, పెద్దల మాట వినుడు, క్రమశిక్షణతో మెలగుడు, కాలమును వృథా చేయకుడు" అని చెప్పసాగును. ఆ మాటలలో అసత్యమేమియు లేదు. అయినను ముందు వరుసలోని పిల్లలు ఇసుకలో వ్రేళ్ళతో గీతలు గీయుట మొదలుపెట్టుదురు. వెనుక వరుసలలో దగ్గులు బయలుదేరును. అందరి చూపులును బల్లపైనున్న బహుమతులమీదనే నిలుచును.

ఇట్లేల జరుగునో వ్యాకరణమే చెప్పగలదు. పైన చెప్పిన క్రియలన్నియు విధ్యర్థకములు. అవి వినువానికి ఒక పనిని విధించును గాని వాని కన్నులకు దేనిని చూపవు. పిల్లవాడు దినమంతయు ఇంటను బడిలోను వినునవి ఆ క్రియలే. పండుగనాడు కూడ అవియే వినబడినచో చెవి తనంతట తాను మూసికొనును. పిల్లలకు ఉత్సాహము కలుగవలెనన్నచో విధికి బదులు ఒక వస్తువును, ఒక ప్రశ్నను వారి ముందు నిలుపవలెను. అట్లు నిలిపిన ఒక అతిథి వృత్తాంతము వినదగినది.

విశాఖపట్టణమునకు ఉత్తరముగా సముద్రతీరమున ఒక పల్లె కలదు. అచ్చటి ఉన్నత పాఠశాలలో చదువు పిల్లలలో పెక్కుమంది తండ్రులు తెప్పలమీద చేపల వేటకు పోవువారు. ఒక యేడు అచ్చటి బహుమతి ప్రదానోత్సవమునకు భౌతికశాస్త్రము బోధించి విశ్రాంతి పొందిన ఒక పెద్దమనిషిని ముఖ్య అతిథిగా పిలిచిరి. ఆయన సభకు ఒక గంట ముందుగనే వచ్చి, ప్రధానోపాధ్యాయుని గదిలో కూర్చుండి, "అయ్యా, పిల్లలు ఎందరు? బహుమతులు ఎన్ని?" అని అడిగెను.

"పిల్లలు 400 మంది. బహుమతులు 32" అని ప్రధానోపాధ్యాయుడు చెప్పెను.

"అట్లయినచో బహుమతి రానివారు 368 మంది. నేను మాటలాడవలసినది ముఖ్యముగా వారితోనే కదా!" అని అతిథి పలికెను.

ప్రధానోపాధ్యాయుడు ఆ లెక్కను అంతవరకు వేసియుండలేదు. అతిథి మరియొక కోరిక కోరెను. ప్రసంగము తరువాత బహుమతులిచ్చుట వాడుక. దానిని మార్చి ముందు బహుమతులిప్పించి, పిదప తనకు 15 నిమిషములు మాత్రమే ఇమ్మని కోరెను. బల్లమీద బహుమతులున్నంతవరకు పిల్లల మనస్సులు అచ్చటనే యుండునని ఆయన యెరుగును. ఒక గాజు జాడి, ఒక లీటరు మంచినీరు, కొంచెము పాలు, ఒక చెంచా కావలెనని చెప్పెను. టార్చిలైటు తన సంచిలోనే యున్నది.

బహుమతులు పంచుట ముగిసెను. చీకటి పడుచుండెను. అతిథి లేచి, సభాధ్యక్షునకు ఒక్క వాక్యముతో నమస్కరించి, పిల్లలవైపు తిరిగి, "మీ ఊరి సముద్రము ఏ రంగు?" అని అడిగెను.

పిల్లలు నవ్విరి. "నీలము" అని కొందరును, "ఒడ్డున మట్టిరంగు, లోపల పచ్చన, ఇంకను లోపల నీలము" అని కొందరును పలికిరి. "నీలముగా నేల యున్నది?" అని ఆయన మరల అడిగి ఊరకుండెను. సభలో నిశ్శబ్దము వచ్చినప్పుడు వక్తలు సాధారణముగా తామే జవాబు చెప్పివేయుదురు. ఆయన అట్లు చేయలేదు. కొంతసేపటికి బహుమతి పొందిన ఒక బాలిక లేచి, "ఆకాశపు రంగు నీటిలో కనబడుచున్నది, అయ్యా" అని చెప్పెను.

"మంచి మాట చెప్పితివి, తల్లీ. ఇంగ్లండు దేశమున రాలీ ప్రభువను మహాశాస్త్రజ్ఞుడు కూడ ఈ మాటయే చెప్పెను. మరి మబ్బు పట్టి ఆకాశము బూడిదరంగుగా నున్ననాడు సముద్రమును చూచినవారు ఎవరైన ఉన్నారా?"

వెనుక వరుసలో ఒక బాలుడు సగము లేచి మరల కూర్చుండెను. అతిథి చూచి, "చెప్పుము నాయనా" అనెను. ఆ బాలుని పేరు ఆనాటి బహుమతుల పట్టికలో లేదు. వాడు మెల్లగా, "దూరమునుండి చూచినచో నీరు కూడ బూడిదరంగే, అయ్యా. కాని మా నాయన తెప్పమీద పోయినప్పుడు అంచునుండి తల వంచి తిన్నగా క్రిందికి చూచితిని. లోపల నల్లని నీలముగా నుండెను" అనెను.

అతిథి వానిని పొగడలేదు. "అట్లయినచో నీ వలెనే చూచిన మరియొకరి సంగతి చెప్పెదను" అని మొదలుపెట్టెను. చంద్రశేఖర వెంకట రామన్ 1888లో తిరుచిరాపల్లిలో పుట్టెను. ఆయన తండ్రి విశాఖపట్టణమున ఏ.వి.యన్. కళాశాలలో ఉపన్యాసకుడై యుండుటచేత ఆయన బాల్యము ఈ తీరముననే గడచెను. 1921లో ఆయన ఇంగ్లండునుండి నార్కుండా అను ఓడలో తిరిగి వచ్చుచు, మధ్యధరా సముద్రపు గాఢమైన నీలమును చూచి, ఆకాశపు ప్రతిబింబమే దీనికి కారణమా యని శంకించెను. ఆయన జేబులో నికోల్ పట్టకమను చిన్న స్ఫటికము ఉండెను. దానిని తగినట్లు త్రిప్పి, తగినంత ఏటవాలుగా చూచినచో నీటిపైనుండి ప్రతిఫలించు మెరపు అణగిపోవును. ఆ మెరపు పోయిన తరువాత నీలము తగ్గలేదు సరికదా, మరింత చక్కగా కనబడెను. కావున ఆ రంగు నీటి లోపలినుండియే వచ్చుచున్నదని ఆయన నిశ్చయించెను.

"రామన్ స్ఫటికముతో తొలగించిన మెరపును ఈ పిల్లవాడు తల వంచి తొలగించినాడు. తిన్నగా క్రిందికి చూచినప్పుడు నీటిపైనుండి ప్రతిఫలించు వెలుగు మిక్కిలి తక్కువ. ఉపాయములు వేరు, ప్రశ్న ఒక్కటే" అని అతిథి చెప్పి జాడివద్దకు నడచెను.

వేదికపై దీపములు ఆర్పించిరి. ఒక చిన్న జాడిని 400 మంది చూడజాలరు గనుక, అతిథి ఒక బాలుని, ఒక బాలికను పిలిచి, తాము చూచినదానిని బిగ్గరగా చెప్పు పని వారికి అప్పగించెను. జాడిలోని నీటిలో చుక్కచుక్కగా పాలు పోసి కలిపి, ఒక ప్రక్కనుండి టార్చి వెలుగును పంపెను. ప్రక్కగా నిలిచిన బాలిక, "నీటిలో వెలుగు లేతనీలముగా నున్నది" అని చెప్పెను. టార్చికి ఎదురుగా ఆవలివైపు నిలిచిన బాలుడు, "నాకు నారింజరంగుగా కనబడుచున్నది" అనెను. ఒకే వెలుగునకు ఇద్దరును రెండు రంగులు చెప్పుటతో సభ యంతయు మెడలు సాచెను.

అతిథి కారణమును క్లుప్తముగా చెప్పెను. పాలలోని మిక్కిలి సన్నని కణములు తెల్లని వెలుగులోని నీలభాగమును ఎక్కువగా ప్రక్కలకు చెదరగొట్టును. తిన్నగా పోవు వెలుగులో ఎరుపు, పసుపు మిగులును. పాలు ఎక్కువైనచో వెలుగు లోపల పలుమారులు చెదరి నీరంతయు తెల్లనగును, రంగులు కనబడవు. లీటరు నీటికి అర చెంచా పాలు చాలును. "నేను ఇంటివద్ద మొదట రెండు చెంచాలు పోసి చెడగొట్టుకొంటిని" అని ఆయన చెప్పగా పిల్లలు నవ్విరి. గాలి ఆకాశమున చేయు పని ఇట్టిదే. సముద్రమున నీరు వెలుగును చెదరగొట్టుటయే గాక, ఎరుపును తాను మ్రింగివేయుననియు, దాని నీలమునకు అది ముఖ్యకారణమనియు నేడు తెలియవచ్చినదని కూడ ఆయన చెప్పెను. చెదరిన వెలుగును విడువక పరిశోధించుచు పోయి రామన్ 1928 ఫిబ్రవరి 28వ తేదీన తన పేర వెలసిన ఫలితమును కనుగొనెను. 1930లో నోబెల్ బహుమతి పొందెను. ఆ సంగతిని అతిథి ఒక్క వాక్యములో ముగించెను. "మీరును రామన్ వంటివారు కావలెను" అను మాట ఆయన నోట వెలువడలేదు.

రామన్ మార్గము కూడ అదియే. 1968 డిసెంబరులో అహమ్మదాబాదునందు సామాజిక విజ్ఞాన కేంద్రపు శంకుస్థాపన సందర్భమున ప్రసంగించుచు, ఆయన తీసికొన్న విషయము ఆకాశము నీలముగా నేల యున్నదనునదే. తల యెత్తినచో అందరికిని కనబడు వస్తువు అది.

తీరపు పల్లెలోని అతిథి చివరకు, "ఎదురుగా చూచినవానికి టార్చి నారింజరంగుగా కనబడెను కదా. రేపు తెల్లవారునప్పుడు ఒడ్డునకు పోయి, తూర్పున ఆకాశపు రంగు చూడుడు. అది నట్టనడుమ ప్రొద్దున ఏల యుండదు?" అని ప్రశ్నించి, జవాబు చెప్పకయే కూర్చుండెను. ఆయన 14 నిమిషములు మాటలాడెను. పిల్లలందరికిని విధించిన క్రియ ఆ ప్రసంగమంతటిలో ఒక్కటే: "చూడుడు."

చప్పట్లు ప్రతి సభలోను మ్రోగును. వానినిబట్టి ప్రసంగపు ఫలమును తెలిసికొనలేము. మరునాడు విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు తరగతిలో అడుగు పెట్టగనే, ఉదయపు సూర్యకిరణములు మనలను చేరుటకు గాలిలో ఎక్కువ దూరము పోవలసియున్నదా యని ఒక బాలిక అడిగెను. నాలుగవ దినమున, వెనుక వరుసలోని బాలుడు ఒక గాజు సీసాతో వచ్చెను. అందులో వాని తండ్రి లోసముద్రమునుండి తెచ్చిన నీరు ఉండెను.

"అయ్యా, తెప్పమీదనుండి నీలముగా నుండిన నీరు సీసాలో ఏ రంగును లేక యున్నదేమి?" అని వాడు అడిగెను.

ఉపాధ్యాయుడు ఆ సీసాను బల్లమీద నుంచి, "ఇందులో వెలుగు దాటునది జానెడు దూరమైన లేదు. తెప్పక్రింద ఎన్ని బారల లోతు ఉన్నదో మీ నాయనను అడిగి రమ్ము. నీరు ఎరుపును మ్రింగుటకు ఎంత దూరము కావలెనో అప్పుడు ఆలోచింతము" అని చెప్పెను. బాలుడు సీసాను అచ్చటనే విడిచి, సాయంకాలము తెప్పలు ఒడ్డు చేరువేళకు తండ్రికొరకు ఎదురుచూచుచు నిలిచెను.