మూడు పంక్తుల ఉత్తరం

మా అక్క కుమారుడికి షార్జాలో ఉద్యోగం దొరికింది. ఆరేళ్లుగా షుగర్ ఉన్నవాడు. ప్రయాణానికి ఇరవై రోజుల ముందు ఇబ్రహీంపట్నంలో తనను చూసే డాక్టరు గారి వద్ద ఉత్తరం తీసుకుని నాకు చూపించాడు. మూడే పంక్తులు: షుగర్ ఉన్నది, ఈ రెండు మాత్రలు కొనసాగించవలెను, సంతకం.

ఆ రెండూ కంపెనీలు పెట్టుకున్న పేర్లు. అక్కడి వైద్యుడికి అవి తెలిసి ఉండనవసరం లేదు. కళ్లజోడు పెట్టుకుని అట్టల మీది చిన్న అక్షరాలు చదివాను. మొదటిది గ్లిమిపిరైడ్ 1 మి.గ్రా., మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. కలిసిన మాత్ర. రెండవదాన్ని వాడు "అరికాళ్ల తిమ్మిరికిచ్చిన విటమిన్ బిళ్ల మామూ" అన్నాడు. అందులో మిథైల్‌కోబాలమిన్ అనే విటమిన్‌తో పాటు ప్రీగాబలిన్ 75 మి.గ్రా. కూడా ఉంది. ఇది యు.ఏ.ఇ.లో నియంత్రిత ఔషధం. ముందస్తు అనుమతి, వైద్యుని పత్రం లేకుండా తీసుకువెళ్తే విమానాశ్రయంలోనే చిక్కులు వస్తాయి. పోనీ అని ఒక్కసారిగా మానేయడానికీ లేదు. నిద్రలేమి, చెమటలు, ఆందోళన మొదలవుతాయి గనుక డాక్టరు చెప్పినట్టు క్రమంగా తగ్గించాలి.

మళ్లీ డాక్టరు గారి వద్దకు వెళ్లాము. ఆయన నొచ్చుకోకుండా కొత్త ఉత్తరం ఇంగ్లీషులో, పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే టైపు చేయించారు. ప్రతి మందుకూ అసలు పేరు, మోతాదు, వేసుకునే వేళ, ఎందుకోసమన్నది, ఎప్పటినుంచన్నది రాశారు. ప్రీగాబలిన్ అనుమతికి అక్కడి ఆరోగ్య మంత్రిత్వ శాఖకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసినప్పుడు ఆ ఉత్తరాన్నే జతపరిచాము.

రిపోర్టుల విషయంలో నాకొక పట్టింపు ఉంది. తేదీ లేని రిపోర్టు, మా హదీసు పాఠాల్లో సనద్ లేని రివాయత్ వంటిది. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 7.8 శాతం అని మాత్రమే ఉంటే, అది తగ్గుతూ వచ్చిన 7.8 శాతమా, పెరుగుతూ వచ్చినదా తెలియదు. అందుకే ఏడాది కిందటి 9.1 శాతాన్ని కూడా తేదీతో పక్కనే రాయించాము. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ కూడా చేర్చారు. మెట్‌ఫార్మిన్, ప్రీగాబలిన్ రెండింటి మోతాదూ దానిని బట్టే ఉంటుంది.

ఇక ఏ రిపోర్టులోనూ లేని సంగతి ఒకటి మిగిలింది. గత రమజాన్‌లో ఉపవాసముండి, అస్ర్ నమాజుకు వచ్చిన వాడు చెమటలు పట్టి, చేతులు వణికి, మస్జిదులో కూలబడ్డాడు. పరీక్షిస్తే షుగరు 58. అప్పటికప్పుడు ఖర్జూరాలతో ఉపవాసం విరమింపజేశాము. గ్లిమిపిరైడ్‌కు ఆ గుణం ఉంది, కడుపు ఖాళీగా ఉన్నా షుగరును దించుతూనే ఉంటుంది. వాడు మొహమాటపడి ఈ సంగతి డాక్టరు గారికి చెప్పనే లేదట! నేను చెప్పాను. ఆయన ఉత్తరంలో చివరి పంక్తిగా రాశారు.

షార్జా చేరిన రెండో వారంలో ఫోను చేశాడు. అక్కడి వైద్యురాలు ఉత్తరమంతా చదివి, మొదట అడిగింది ఆ చివరి పంక్తి గురించేనట. రమజాన్‌కు నెల ముందే రమ్మని, గ్లిమిపిరైడ్ వేళనూ మోతాదునూ అప్పుడు మారుస్తానని చెప్పిందట.