వద్దు ముందా, వెనకా?

తెలుగు వాక్యంలో అసలు సంగతి చివర కూచుంటుంది. "వదినా, నేను రేపు పిల్లల్ని తీసుకుని మీ ఇంటికి భోజనానికి..." అని ఆగిపోతే, వస్తున్నట్టో రానట్టో ఆ చివరి మాట వింటేగాని బియ్యం కడగలేం. ఇంగ్లీషువాడికి ఈ అవస్థ లేదు. వద్దనదలుచుకుంటే "డు నాట్" అని ముందే గుమ్మంలో నిలబెట్టేస్తాడు, తక్కిన సంగతి తరవాత చెబుతాడు. మాట్లాడుకునేటప్పుడు దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. చివరిదాకా వింటాం, లేదా మొహం చూసి తెలుసుకుంటాం. కాని బొమ్మ కింద అక్షరాలు మూడు సెకన్లు నిలిచి మాయమయ్యేచోట ఈ తేడా ఎవరి చేతికి గుచ్చుకుంటుందో మొన్నీమధ్య కళ్ళారా చూశాను.

నేను ఇంట్లో కూచుని అనువాదాలు చేస్తుంటాను. ఒక ఆసుపత్రివాళ్ళు తమ సిబ్బందికి, అంటే నర్సులకీ వార్డుబాయిలకీ ఆయాలకీ, చూపించడానికి ఆరు నిమిషాల వీడియో ఒకటి తయారుచేయించారు. వాడేసిన సూదులూ దూదీ గొట్టాలూ ఏ సంచిలో వెయ్యాలో అందులో చూపిస్తారు. మాటలు ఇంగ్లీషు. వాటిని తెలుగులో చదివి వినిపించాలి, అవే మాటలు బొమ్మ కింద వెయ్యాలి కూడా, ఎందుకంటే వార్డులో టీవీ పెద్దగా పెట్టకూడదు, ఆయాల్లో చదువు రానివాళ్ళూ ఉన్నారు. కన్నుకొక మాట, చెవికొక మాట అయితే రెండూ బుర్రకెక్కవు గనుక, రెండింటికీ ఒకటే పాఠం కావాలి. ఎవరిచేతనో ఒకసారి తెలుగు చేయించారుట, అది కొంచెం సరిచూడమని నాకు పంపించారు.

చూశాను. తప్పులున్నాయనడానికి వీల్లేదు, వ్యాకరణం శుభ్రంగా ఉంది. కాని సూది గుచ్చుకున్నప్పుడు ఏం చెయ్యాలో చెప్పే ఘట్టం ఇలా సాగింది: "సూది గాయము సంభవించిన సందర్భములో గాయమును ఒత్తరాదు లేదా నోటియందు ఉంచరాదు. తక్షణమే సబ్బు మరియు ప్రవహించు నీటితో ప్రక్షాళనము గావించి పర్యవేక్షకునికి నివేదించవలెను." మా వారిని సెల్‌ఫోనులో గడియారం పట్టుకోమని నేను పైకి చదివాను. 14 సెకన్లు పట్టింది, "ప్రక్షాళనము" దగ్గర ఊపిరి కూడా అయిపోయింది. బొమ్మలో ఇంగ్లీషాయన అదంతా 9 సెకన్లలో ముగించి తరవాతి గదిలోకి వెళ్ళిపోయాడు. మన మాటలకి అక్షరాలెక్కువ. ఉన్నదున్నట్టు మారిస్తే తెలుగు ఎప్పుడూ బొమ్మ వెనకాల రొప్పుతూ పరిగెత్తవలసిందే.

అయినా నిడివి ఒక్కటే అయితే నేనింత రాసేదాన్ని కాదు. మా వెనకవీధిలో ఒకావిడ ఉంది, ఇంకో నర్సింగుహోములో ఇరవై ఏళ్ళుగా ఆయా. ఏదో నాలుగు, అయిదు తరగతుల చదువు, పేపరు కూడబలుక్కుని చదువుతుంది. సాయంత్రం పిలిచి కాఫీ ఇచ్చి, ఆ పాత తెలుగుతోనే వీడియో పెట్టి కూచోబెట్టాను. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకూడదని చెప్పే చోటు వచ్చింది. మూత పెట్టబోయినప్పుడే సూది రెండో చేతిలో దిగుతుంది, ఆసుపత్రుల్లో అందరూ ఎరిగిన సంగతే. తెరమీద ఒక చేతిలో సూది, ఒక చేతిలో మూత. కింద, "వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టి" అని మూడు సెకన్లు. అది పోయాక, "పారవేయుట చేయరాదు" అని రెండు సెకన్లు.

"ఏం చెప్పాడు ఆయమ్మా?" అన్నాను.

"మూత పెట్టి పారెయ్యమన్నాడు అమ్మగారూ. మేం అంతేగా చేసేది!" అంది.

ఆవిడ తప్పేముంది చెప్పండి? మొదటి ముక్క కూడబలుక్కుని చదవడానికే మూడు సెకన్లూ చాలాయి. ఆ ముక్కలో వద్దన్న మాట లేదు, పైగా బొమ్మ చేసి చూపిస్తోంది. రెండో ముక్క ఆవిడ కళ్ళెత్తేసరికే పోయింది. ఇంగ్లీషులో వాక్యాన్ని అక్కడే రెండుగా విరిచినా "డు నాట్" మొదటి ముక్కలోనే ఉండిపోతుంది. తెలుగులో విరిస్తే, చెయ్యమన్నది ముందు పేజీలోనూ వద్దన్నది వెనక పేజీలోనూ పడుతుంది. అందుకని వద్దనే వాక్యాన్ని ఎన్నడూ రెండు తెరలమీదకి పంచకూడదని ఆ పూటే ఒక చీటీ రాసి నా బల్లమీద అతికించుకున్నాను. ఒక్క తెరలో పట్టకపోతే వాక్యాన్నే చిన్నది చెయ్యాలి. చెయ్యి మూతవైపు కదలగానే "మూత పెట్టొద్దు!" అని పడాలి. ఆ తరవాత తీరిగ్గా "సూదిని అలాగే తెల్లడబ్బాలో వెయ్యండి" అనొచ్చు.

సూది గుచ్చుకున్న ఘట్టం కూడా మొత్తం విప్పి మళ్ళీ కుట్టాను. "గుచ్చుకున్న యెడల" అనేది మనం పెళ్ళిపత్రికల్లో కూడా వాడటం మానేశాం. మనిషి మాట్లాడేటప్పుడు ఆ చోట ప్రశ్న వేస్తాడు.

"సూది గుచ్చుకుందా?
పిండొద్దు. నోట్లో పెట్టొద్దు."

ఇది ఒక తెర.

"కుళాయి కింద సబ్బుతో కడుక్కోండి.
వెంటనే సిస్టరుకి చెప్పండి."

ఇది రెండోది. మధ్యలో ఊపిరి తీసుకుంటూ చదివినా 9 సెకన్లలో సరిపోయాయి. ఒక్కో తెర నాలుగున్నర సెకన్లు నిలుస్తుంది. రెండు నిండు వరసలకి ఆరు సెకన్లు కావాలని ఈ పనిలో పాత లెక్క ఒకటుంది. మనవి సగం వరసలే గనుక ఆయమ్మ కూడా అందుకుంది. "ఒత్తరాదు" తీసి "పిండొద్దు" అనడానికి కారణం ఉంది. గుచ్చుకోగానే అందరూ చేసే పని అదే, వేలు పిండి నెత్తురు తీస్తే చెడు పోతుందనుకుంటారు. పిండితే పోదు, ఉన్న గాయం ఇంకాస్త నలుగుతుంది. జనం చేసే పనికి జనం పెట్టుకున్న పేరుతోనే వద్దనాలి.

ఇంకొకటి గమనించారా? "పిండొద్దు" అన్నదాంట్లో నువ్వూ లేదు, మీరూ లేదు. అమ్మమ్మతోనూ అనొచ్చు, మనవడితోనూ అనొచ్చు. చెయ్యమనేచోట మాత్రం ఆ వెసులుబాటు లేదు, "కడుక్కో" అంటే ఒక అక్షరం కలిసొస్తుంది. స్టూడియో కుర్రాడు ఆ సంగతి రెండుసార్లు గుర్తుచేశాడు కూడా. కాని యాభై ఏళ్ళ మనుషుల్ని తెరమీదనుంచి ఏకవచనంలో గద్దిస్తే వినరు సరికదా, వినాలని కూడా అనిపించదు. ఆ ఒక్క "ండి" మీద కత్తెర వెయ్యనని చెప్పేశాను.

రంగుల దగ్గర మరో చిక్కు. మన దేశంలో 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం నెత్తురంటిన దూదీ కట్లూ పసుపు రంగు సంచిలోకి, ప్లాస్టిక్ గొట్టాలూ చేతితొడుగులూ ఎర్రసంచిలోకి, సూదులూ బ్లేడులూ గుచ్చినా చిల్లుపడని తెల్లడబ్బాలోకి, గాజుసీసాలు నీలం రంగుదాంట్లోకి వెళ్ళాలి. పాత తెలుగులో "పచ్చ సంచి" అని ఉంది. మనకి పచ్చ అంటే పసుపూ అవుతుంది, ఆకుపచ్చా అవుతుంది. మేని ఛాయా పచ్చనే, వరిచేనూ పచ్చనే. కవిత్వంలో ఇది ఎంత అందమో! వార్డులో మాత్రం అన్నం మెతుకులూ అరటితొక్కలూ వేసే ఆకుపచ్చ డబ్బా పక్కనే ఉంటుంది. నెత్తురు దూది అందులో పడితే నేరుగా మునిసిపాలిటీ బండి ఎక్కుతుంది, అక్కడ దాన్ని చేతులతో ఏరేవాళ్ళూ ఎవరి అమ్మలో అక్కలో అవుతారు. కాబట్టి వీడియో అంతటా "పసుపు సంచి" అనే మార్చాను. "పచ్చ" అన్న మాట ఒక్కచోట కూడా మిగల్లేదు.

మధ్యలో ఒక నవ్వులాట. అక్షరాలు లెక్కపెట్టడానికి స్టూడియోవాళ్ళు నా కంప్యూటరులో ఒక సాధనం పెట్టారు. వరస పొడుగైతే ఎర్రగా చూపిస్తుంది. చూస్తే, సగం తెర కూడా నిండని వరసలు ఎర్రబడుతున్నాయి! సంగతేమిటంటే అది మనలా కంటితో లెక్కపెట్టదు, మనం మీటలు నొక్కే పద్ధతిలో సకారం వేరు, దాని పొల్లు వేరు, తకారం వేరు అని విడదీస్తుంది. ఆ లెక్కన "స్త్రీ" అన్న ఒక్క అక్షరం ఆరవుతుంది. ఒక స్త్రీని ఆరుగురిగా లెక్కకట్టినది ఈ లోకంలో ఇదొక్కటే కాబోలు! అందుకని ఆ అంకె నమ్మకుండా, పైకి చదివి ఎంతసేపు పట్టిందో చూసుకోవడమే నా పద్ధతి. మనకి గుడులు పైనా, వత్తులు కిందా ఉంటాయి గనుక, రెండు వరసలు మరీ దగ్గరగా వేస్తే పైవరస వత్తు కిందివరస తలకట్టు మీద పడి అక్షరం మరోలా కనిపిస్తుంది. వరసల మధ్య కాస్త ఎడం పెట్టించాను.

అంతా అయ్యాక ఆసుపత్రి డాక్టరుగారికి పంపితే, "మరీ వంటింటి తెలుగులా ఉందేమిటండీ?" అన్నారు. ఎక్కడ పనిచేసేవాళ్ళకైనా వంటింట్లో అర్థమయ్యే మాటే చేతిదాకా వెళుతుంది డాక్టరుగారూ, అన్నాను. ఆయన మంచివారు, నవ్వి ఊరుకున్నారు. ఒక్కచోట మాత్రం పట్టుబట్టారు. గుచ్చుకున్న సూది వల్ల హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందులు 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు. "మూడు రోజుల్లోగా" అంటే అక్షరాలు తగ్గుతాయని స్టూడియోవాళ్ళ కోరిక. డాక్టరుగారు వీల్లేదన్నారు, నాదీ అదే మాట. మూడు రోజులంటే మనవాళ్ళు ఇవాళా రేపూ వదిలేసి ఎల్లుండి సాయంత్రం బయల్దేరతారు. గంటల్ని గంటలుగానే ఉంచి, దానికి విడిగా ఒక తెర, నాలుగు సెకన్ల మౌనం ఇప్పించాం. దానిమీద "ఆ పూటే చెప్పండి. 72 గంటలు దాటకూడదు" అని రెండే వరసలు. కుదించడానికి కూడా ఒక హద్దుంది, అంకె జోలికి పోకూడదు.

గొంతు ఇచ్చిన అమ్మాయి రేడియోలో పనిచేసిన పిల్ల. ఎక్కడా తడబడకుండా అరగంటలో చదివేసింది. తయారైన వీడియోని ఆయమ్మకి మళ్ళీ చూపించాను. మూత దగ్గరకొచ్చేసరికి తెరకన్నా ముందే "పెట్టొద్దు" అని తనే అంది. చివరిదాకా చూసి, కాఫీగ్లాసు కింద పెట్టి, "ఆ తెల్లడబ్బా నిండిపోతే ఏం చెయ్యాలమ్మగారూ? మా దగ్గర పొర్లిపోయినా కుక్కి కుక్కి మూస్తాం" అంది.

ఇంగ్లీషు పాఠంలో ఆ ముక్క ఉంది. "నాలుగింట మూడు వంతుల పరిమాణమునకు మించకుండా" అని పాత తెలుగులో ఉన్నదాన్ని, చోటు చాలదని స్టూడియోవాళ్ళు చివరి కూర్పులో తీసేశారు. ఆ రాత్రే ఫోను చేసి, ముగింపు పేర్లు వచ్చేముందు మూడు సెకన్లు అడిగి పుచ్చుకున్నాను. "ముప్పాతిక నిండితే చాలు. మూసెయ్యండి." మళ్ళీ ఆ అమ్మాయిని పిలిచి, ఆ ఒక్క వాక్యం చదివించారు.