ఏడో అంతస్తులో వాసన

ఒక మిత్రుడు రాసిన కథ కొన్నాళ్లుగా నా దగ్గర ఉంది. ఇంకా ఎక్కడా అచ్చు కాలేదు, పేరు కూడా ఖాయం కాలేదు. కథ చిన్నదే. హైదరాబాదు ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో పదకొండు అంతస్తుల ఆఫీసు భవనం. రాత్రి రెండూ నలభై. బీటు మీద తిరుగుతున్న సెక్యూరిటీ గార్డుకి ఏడో అంతస్తులో ఏదో కాలుతున్న వాసన తగులుతుంది. ఆ ఫ్లోరు ఖాళీ. తొమ్మిదో ఫ్లోరులో మాత్రం నైట్ షిఫ్టు వాళ్లు అరవై మంది ఉన్నారు. వాసన తగలడానికీ, గోడ మీది ఎర్ర డబ్బా అద్దం పగలగొట్టడానికీ మధ్య పదకొండు నిమిషాలు. కథంతా ఆ పదకొండు నిమిషాలే.

గార్డుకి కథలో పేరు లేదు. షిఫ్టులో ఉన్న పిల్లలు "అన్నా" అంటారు, వాకీటాకీలో సూపర్‌వైజరు "సెవెన్త్ ఫ్లోర్" అంటాడు. కథ చివర అతని చేత రాయించుకున్న స్టేట్‌మెంటు కింద సంతకం చేసేటప్పుడు కూడా రచయిత ఆ పేరు మనకి చూపించడు. ఇది బాగుంది. నాకు ఇంకా నచ్చింది వేరే ఉంది. అగ్నిప్రమాదం మీద వచ్చే కథల్లో సాధారణంగా మంటలుంటాయి, పరుగులుంటాయి. ఇందులో వాసన ఒక్కటే ఉంది. దాన్ని నమ్మాలా వద్దా అన్నదే కథ.

నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు. మా ఆఫీసులో ఫ్లోరుకి ఇద్దరు చొప్పున ఫైర్ వార్డెన్లు ఉంటారు, నేనొకణ్ణి. అంటే ఏడాదికి రెండు సార్లు డ్రిల్లులో నారింజ రంగు జాకెట్టు వేసుకుని జనాన్ని మెట్ల వైపు తోలే పని. అందుకే మిత్రుడు "కథ సంగతి తర్వాత, ముందు ఇలా జరుగుతుందా చెప్పు" అని పంపాడు. జరుగుతుంది. ఎలా జరుగుతుందో తెలిస్తే కథ ఇంకా బాగా అర్థమవుతుంది.

ముందు వాసన సంగతి. మొదటి ప్రతిలో రచయిత "పొగ వాసన" అని రాశాడు. అది చాలదు. కాగితం కాలితే ఒక వాసన, ప్యాంట్రీలో బ్రెడ్డు మాడితే ఒక వాసన. కేబుల్ మీది పీవీసీ తొడుగు వేడెక్కితే ముక్కులో గుచ్చుకునే పుల్లటి ఘాటు, అది హైడ్రోజన్ క్లోరైడు వాయువు. కొన్ని పాత స్విచ్చులూ హోల్డర్లూ వేడెక్కితే చేపల నీచు వాసన వస్తుంది. చాలామంది ఆ నీచు వాసనకి కరెంటుతో సంబంధం ఉంటుందని ఊహించరు, ఎవరో లంచ్ బాక్సు మర్చిపోయారనుకుంటారు. రెండో ప్రతిలో గార్డు కూడా సరిగ్గా అదే అనుకుని ప్యాంట్రీలోకి వెళ్లి చెత్తబుట్ట మూత తీసి చూస్తాడు. పదకొండులో రెండు నిమిషాలు అక్కడ పోతాయి. ఆ రెండు నిమిషాలూ కథకి ప్రాణం.

ఇంకొకటి. ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది. అగరొత్తుల కొట్లో కూర్చున్నవాడికి అగరు వాసన తెలియదు కదా. వాసన వస్తున్న చోటే నిలబడితే కొద్ది నిమిషాల్లో అది తగ్గినట్టనిపిస్తుంది, తగ్గకపోయినా. కథలో గార్డు కారిడార్లో నిలబడతాడు, వాసన పోయిందనుకుంటాడు, ప్రాణం తేలికపడుతుంది. మెట్ల దగ్గరికి వెళ్లి, తలుపు తీసి, నాలుగు సార్లు గాలి పీల్చుకుని వెనక్కి వస్తాడు. వాసన మళ్లీ గుప్పుమంటుంది, ముందుకంటే ఎక్కువగా. రచయిత దీన్ని వివరించడు, చేయించి ఊరుకుంటాడు. పన్నెండు గంటల డ్యూటీలు చేసే మనిషికి ఈ సంగతి ఒంటికి తెలిసే ఉంటుంది.

సరే, వాసన ఉంది. మరి లాబీలో ఉన్న ఫైర్ ప్యానెల్ ఎందుకు మోగలేదు? సూపర్‌వైజరు అడిగేదీ ఇదే. "ప్యానెల్ సైలెంటుగానే ఉంది కదయ్యా, నీకేనా వాసన?" అంటాడు. అతనిది దుర్మార్గం కాదు, ఎదురుగా పచ్చ దీపం వెలుగుతోంది. కానీ స్మోక్ డిటెక్టరుకి వాసన తెలియదు. ఆఫీసుల్లో ఎక్కువగా వాడే రకంలో ఒక చిన్న గది, అందులో ఒక కాంతిరేఖ ఉంటాయి. పొగ రేణువులు లోపలికి వచ్చి ఆ కాంతిని చెదరగొడితేనే అది కూస్తుంది. వాయువు ఎంత ఘాటుగా ఉన్నా దానికి లెక్కలేదు. తగినన్ని రేణువులు సీలింగు దాకా చేరాలి. కథలో వేడెక్కుతున్న జాయింటు ఉన్నది ఎలక్ట్రికల్ గదిలో, తలుపు మూసిన ఇనుప ప్యానెలు లోపల. అక్కడి నుంచి వాసన కారిడార్లోకి వచ్చేసింది, డిటెక్టరుకి సరిపోయేంత పొగ ఇంకా రాలేదు.

"అలాంటప్పుడు ఎంసీబీ ట్రిప్ అవ్వాలి కదా" అని మిత్రుడికి ఇంకెవరో అన్నారట. అవ్వదు, ఒక చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది. ఆ లైనులో 40 ఆంపియర్లు పోతున్నాయనుకుందాం. బ్రేకరు 63 ఆంపియర్లది. లగ్గు దగ్గర బోల్టు వదులై అక్కడ నిరోధం 0.05 ఓములకి చేరింది. అక్కడ పుట్టే వేడి కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించినంత, అంటే 1600 ఇంటూ 0.05, 80 వాట్లు. కాలేజీ ల్యాబులో మనం వాడిన మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అలాంటివి మూడు, బొటనవేలంత చోట, గంటల తరబడి ఆన్లో పెట్టి వదిలేసినట్టు. బ్రేకరుకి మాత్రం అంతా సవ్యమే, ఎందుకంటే కరెంటు 40 దాటలేదు. వోల్టేజీలో తగ్గేది రెండు వోల్టులు, 230లో రెండు తగ్గితే ఏ మెషీనూ పట్టించుకోదు. కాబట్టి ఆ రాత్రి ఆ భవనంలో ఉన్న యంత్రాలన్నీ నిజమే చెబుతున్నాయి. వాటిని అడగని సంగతి ఒకటి ఉంది, అది ఒక్క మనిషి ముక్కుకే తెలిసింది.

ఇక్కడే కథలో అసలు బరువు ఉంది. రెండు నెలల కింద ఇదే గార్డు ఒకసారి అలారం కొట్టాడు. కింది ఫ్లోరులో ఎవరో దోమల పొగ పెట్టుకున్నారని తేలింది. నడిరాత్రి జనమంతా రోడ్డు మీదికి వచ్చారు, క్లయింటు మెయిల్ పెట్టాడు, ఏజెన్సీ ఇతని జీతంలో రెండు రోజులు కోసింది. ఇప్పుడు మళ్లీ. సూపర్‌వైజరు "పొద్దున్నే ఎలక్ట్రీషియన్ వస్తాడు, లాగ్ బుక్కులో రాసి పెట్టు" అంటాడు. రాస్తే తన మీదికి రాదు. రాసి, కింద టైము వేసి, కుర్చీలో కూర్చోవచ్చు.

కూర్చుంటే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు. 1988 మే 4 రాత్రి లాస్ ఏంజెల్స్‌లో, 62 అంతస్తుల ఫస్ట్ ఇంటర్‌స్టేట్ బ్యాంక్ భవనంలో జరిగింది. ఆ భవనంలో అప్పుడు స్ప్రింక్లర్లు బిగిస్తున్నారు. పది గంటల ఇరవై అయిదు నిమిషాలకి ఆ పనివాళ్లకి అద్దాలు పడుతున్న చప్పుడు వినిపించింది, పల్చగా పొగ కనిపించింది. అలారం లాగారు. అది కొన్ని సెకన్లే మోగింది, కింద ఉన్న సెక్యూరిటీ వాళ్లు ఆపేశారు. పదిన్నరకి పన్నెండో అంతస్తు డిటెక్టరు మోగితే రీసెట్ చేశారు. తర్వాత ఇంకొన్ని మోగాయి, అవీ రీసెట్ అయ్యాయి. సంగతి ఏమిటో చూసి రమ్మని వెళ్లిన మెయింటెనెన్స్ ఉద్యోగి సర్వీసు లిఫ్టులో పన్నెండుకి ఎక్కాడు. తలుపులు మంటల్లోకే తెరుచుకున్నాయి, అతను చనిపోయాడు. ఫైర్ డిపార్ట్‌మెంటుకి మొదటి ఫోను పది ముప్పై ఏడుకి వెళ్లింది, అదీ బయటివాళ్లు మంటలు చూసి చేసింది.

దీన్ని నిర్లక్ష్యం అనేసి ఊరుకోవడం తేలిక. కానీ భవనంలో స్ప్రింక్లర్ల పని నడుస్తోంది, పనివాళ్లు ఏదో కదిపి ఉంటారనుకోవడానికి కారణం ఉంది. తప్పుడు అలారాలకి అలవాటు పడిన చెయ్యి ముందు రీసెట్ మీదికే పోతుంది. మా పనిలోనూ రాత్రి మోగే ఫోనులో ముప్పై అలర్టులొస్తే ముప్పై ఒకటోదాన్ని కళ్లు మూసుకునే నొక్కేస్తాం. తేడా ఏమిటంటే మా దగ్గర ఎవరూ లిఫ్టులో మంటల్లోకి పోరు.

ఇప్పుడు గార్డు దగ్గరికి వద్దాం. అతను ఎలక్ట్రికల్ గది తలుపు తియ్యడు. అరచేతిని తిప్పి, వెనక వైపు ఆనించి చూస్తాడు, కాస్త గోరువెచ్చగా ఉంటుంది. అద్దం పగలగొడతాడు. హూటర్లు మొదలవుతాయి. 101కి ఫోను చేస్తూ మెట్ల వైపు నడుస్తాడు. మెట్ల తలుపు కింద ఎవరో సిగరెట్టు తాగడానికి మడిచి దోపిన అట్టముక్క ఉంది, రోజూ ఉండేదే. దాన్ని బూటుతో తన్నేస్తాడు. తలుపు మూసుకుంటుంది. తొమ్మిదో ఫ్లోరు వాళ్లు దిగేది ఆ మెట్ల మీదుగానే, ఏడో అంతస్తు దాటుకునే. తలుపు తెరిచి ఉంటే పొగ వాళ్లకంటే ముందు మెట్లలోకి చేరేది. రచయిత దీనికి ఒక్క వాక్యమే ఇచ్చాడు. కథ మొత్తంలో ఎక్కువమందిని కాపాడే పని ఆ ఒక్క వాక్యంలో ఉంది.

మాకు పేచీ వచ్చింది ముగింపు దగ్గర. మొదటి ప్రతిలో ఏడో అంతస్తు భగ్గుమంటుంది, అందరూ గార్డు చుట్టూ చేరతారు, సూపర్‌వైజరు కళ్లలో నీళ్లు. నేను వద్దన్నాను. మంటలు వచ్చి అతన్ని నెగ్గిస్తే, రెండు నెలల కిందటి దోమల పొగ రాత్రి అతను ఓడిపోయినట్టే లెక్క. ఆ రాత్రి అతనికి తెలిసింది పొగ ఒక్కటే, ఈ రాత్రి తెలిసింది వాసన ఒక్కటే. రెండు సార్లూ చేసిన పని ఒకటే, రెండూ సరైనవే. లోపల ఏముందో అద్దం పగిలాక తేలేది. ముందే తెలిసినవాడిలా అతన్ని తూచడం జీతం కోసిన వాళ్ల తూకం. కథ కూడా అదే త్రాసు పట్టుకోకూడదు కదా.

"మరి ఏమీ దొరకలేదని రాయనా?" అన్నాడు మిత్రుడు. అది ఇంకో రకం నాటకం. ఇప్పుడున్న ప్రతిలో ఫైరింజను వస్తుంది, లైను ఆపి ప్యానెలు తెరుస్తారు. లోపల నల్లబడిన లగ్గు ఒకటి, జానెడు మాడిన కేబులు. అంతే. మూడున్నరకి అందరూ మళ్లీ పైకి వెళ్తారు. ఒకమ్మాయి లిఫ్టు దగ్గర ఆగి "అన్నా, నిజంగా ఏమైనా అయ్యిందా?" అని అడుగుతుంది. అతను జానెడు అని చేత్తో చూపిస్తాడు. ఆమె నవ్వి వెళ్లిపోతుంది. పొద్దున ఆఫీసరు వచ్చి, పర్మిషన్ లేకుండా అలారం ఎందుకు కొట్టావో రాసివ్వమంటాడు. అతను లాగ్ బుక్కు తెచ్చుకుని రాయడం మొదలుపెడతాడు: రెండూ నలభై, ఏడో ఫ్లోరు, వాసన.