తొంభై సెకన్ల ముచ్చట

మొన్న హైదరాబాదులో ఒక వ్యవసాయ సదస్సులో నా పోస్టర్ పెట్టాను. వరి మడిలో పైపు పెట్టి, ఆరనిచ్చి నీళ్ళు కట్టే పద్ధతి మీద. పోస్టర్ అంటే గోడకు తగిలించి పక్కన నిలబడడమే అనుకున్నా. కాదంట. దగ్గరికొచ్చిన ప్రతి మనిషికీ తొంభై సెకన్లలో నోటితో చెప్పాలంట.

ఇంటి కాడ ఫోన్‌లో టైము పెట్టుకుని చెప్పి చూస్తే నాలుగు నిమిషాలు పట్టింది. బోరు ఎన్ని అడుగులు వేసింది, ఎన్నిసార్లు ఎండింది, మా నాయన ఎట్లా పారించేవాడు... అన్నీ చెప్తున్నా. మా అమ్మాయి విని, "నాయనా, పైపు మాట వచ్చేసరికి వాళ్ళు పక్క పోస్టర్ కాడికి పోతారు" అంది. ముందు ముచ్చటంతా తీసేశాను. చివరికి ఇది మిగిలింది:

"అయ్యా, యాసంగిలో ఎకరం మడిని ఒడ్డు పెట్టి రెండు సగాలు చేశాను. ఒక సగంలో ఎప్పటిలాగే నీళ్ళు నిలబెట్టాను. రెండో సగంలో ఈ పైపు పెట్టాను. అడుగు పొడవు, కింది సగానికి బెజ్జాలు. బెజ్జాల సగం భూమిలో, పై సగం బయట. లోపలి మట్టి తీసేస్తే భూమిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో కనబడుతుంది. నేల మట్టానికి ఆరు అంగుళాలు కిందికి దిగినాకే మళ్ళీ కడతాను, రెండు అంగుళాలు నిలిచేదాకా. మామూలు సగానికి 32 తడులు, పైపు సగానికి 23. వడ్లు రెండిట్లోనూ ఒకటే పండాయి. అంటే నీళ్ళు నాలుగో వంతుకు పైగా మిగిలాయి. పొట్టకొచ్చినప్పటి నుంచి పూత అయ్యేదాకా మాత్రం ఆరనీయొద్దు, రెండు అంగుళాల నీళ్ళు ఉండాల్సిందే."

పొద్దున మొదట ఒక పెద్ద సైంటిస్టు సారు వచ్చారు. అంతా విని ఒక్కటే అడిగారు. "మీరు లెక్కపెట్టింది తడులా, నీళ్ళా?" నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. ఆరిన మడి ఒక్కో తడికి ఎక్కువ నీళ్ళు తాగుతుంది. తొమ్మిది తడులు తగ్గితే నీళ్ళు కూడా అదే లెక్కన తగ్గాయని చెప్పలేం. మోటరు ఎన్ని గంటలు నడిచిందో రాసుకుని ఉంటే తేలేది. నేను రాసుకోలేదు. మాట నిజమే కదా. అప్పటి నుంచి "నాలుగో వంతుకు పైగా నీళ్ళు" అన్న మాట తీసేశాను. "తొమ్మిది తడులు తగ్గాయి, గంటలు రాయలేదు, ఈసారి రాస్తా" అని చెప్పాను.

ఆ తర్వాత ఎంతమంది వచ్చారో లెక్కలేదు. మనిషిని బట్టి మొదటి మాట మార్చాను. కాలేజీ పిల్లలకు పైపు చేతికిచ్చి మొదలుపెట్టాను. ఆఫీసరు సార్లకు ముందు తడుల లెక్క చెప్పాను. రైతు వస్తే "అన్నా, మీది బోరా, కాలువా?" అని అడిగి మొదలుపెట్టాను. మొదలు ఏదైనా లెక్క మాత్రం అదే 32, అదే 23.

మధ్యాహ్నం గొంతు ఎండిపోయింది. మాటలు వాటంతట అవే వస్తున్నాయి. ఒక రైతు తమ్ముడు బస్సు టైమైందంటూ నిలబడే విన్నాడు. తొందరలో వడ్ల మాట దాకా చెప్పి ఆపేశాను. "ఈ యాసంగికే పెడతా అన్నా" అని పోయాడు. రెండు నిమిషాలకు గుర్తొచ్చింది. పూత మాట చెప్పలేదు! నేను చెప్పినట్టే పూత మీద కూడా ఆరబెడితే ఆ మడిలో తాలు గింజలే మిగులుతాయి. అన్నాల హాలు దాటి గేటు దాకా ఉరికాను. బస్సు ఎక్కుతుంటే పట్టుకుని చెప్పాను. నవ్వి, "దీనికోసం ఉరికొచ్చినవా అన్నా?" అన్నాడు.

తిరిగొచ్చి ఆ మాటను చివర నుంచి తీసి పైపు మాట పక్కనే పెట్టాను. "ఆరు అంగుళాలు దిగినాక కడతాను, పూత అప్పుడు మాత్రం దిగనీయను" అని ఒకే ఊపిరిలో. చివర ఉన్న మాటే తొందరలో ముందు రాలిపోతుంది. పంట పోగొట్టే మాట అక్కడ ఉండకూడదు.

ఈ యాసంగికి స్టార్టరు డబ్బా పక్కన నోటుబుక్కు తగిలించాను. మోటరు గంటలు రాస్తున్నా. పంట కోసినాక ఆ లెక్క ఇక్కడే పెడతా.