సెలవు

కనుమ పండుగ వెళ్లిన మరునాటి మధ్యాహ్నం ఆచార్యులవారు వీధి అరుగుమీద కాగితాలు ముందుంచుకొని కూర్చున్నారు. కోనసీమలోని ఆ చిన్న వేణుగోపాలస్వామి ఆలయంలో 1974 నుండి వైఖానస సంప్రదాయంలో అర్చన చేస్తున్నది ఆయనే. ఇప్పుడు 78 ఏళ్లు నిండాయి. రథసప్తమి నుండి ఆ బాధ్యతను తమ్ముని మనుమడు స్వీకరించనున్నాడు. దేవాదాయశాఖకు పంపవలసిన అర్జీని ఆ యువకుడే కార్యాలయపు భాషలో పూర్తిచేశాడు. ఊరివారికోసం ఆలయ ముఖమండపంలో అంటించవలసిన నాలుగు వాక్యాలను మాత్రం తామే వ్రాస్తామని ఆచార్యులవారు పట్టుబట్టారు.

మొదట పైన "ప్రకటన" అని వ్రాశారు. కొబ్బరితోట వేలంపాటకూ ఆ మాటే వాడతారు. దానిని కొట్టివేసి "విన్నపము" అని దిద్దారు.

"అర్చక పదవి నుండి విరమించుచున్నాను" అన్నది తొలి వాక్యం. "పదవి" దగ్గర కలం ఆగింది. తండ్రిగారి కాలంలో అర్చకత్వం మిరాశీ హక్కు. 1987 నాటి చట్టం వంశపారంపర్య హక్కులను రద్దుచేసింది. నాటినుండి కార్యాలయంవారి దృష్టిలో ఆచార్యులవారు ఉద్యోగి. 2007లో చట్టాన్ని సవరించడంతో అర్చక కుటుంబాలవారికి మరల అవకాశం ఏర్పడింది. ఇన్ని మార్పుల నడుమ ఆయన దినచర్య మాత్రం మారలేదు. తెల్లవారుజామున కాలువలో స్నానం చేసి, తడిబట్టలతో బిందె నింపుకొని వచ్చి గర్భాలయం తలుపు తెరవడమే ఆయనకు తెలిసిన పని. "పదవి"ని కొట్టివేసి "కైంకర్యము" అని వ్రాశారు.

"కైంకర్యమును ముగించుచున్నాను" అని వాక్యం పూర్తిచేయబోయి మరల ఆగారు. దీపం ఆరిపోతే "కొండెక్కింది" అనే ఇల్లు అది. బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటారు. గడప దాటేవారు "పోతాను" అనరు, "వెళ్లివస్తాను" అంటారు. అటువంటి నోటితో స్వామి సన్నిధిలో ముగింపు అన్న మాట ఎలా పలకడం?

అంతలో మనుమడు వచ్చి ప్రక్కన కూర్చున్నాడు. "తాతగారూ! కారణం వ్రాయకపోతే ఊళ్లో తలా ఒక మాట అనుకొంటారు. వృద్ధాప్యంవల్ల అని వ్రాయండి, చాలు" అన్నాడు.

ఆచార్యులవారు ఆ మాట వ్రాశారు. అందులో అసత్యం లేదు. అయినా దానివైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

అర్చనలో అర్ఘ్యపాద్యాలు సమర్పించేటప్పుడు పాత్రలోని తీర్థాన్ని ఉద్ధరిణెతో తీసి, స్వామికి చూపి, ఎదుటనున్న పళ్లెరంలో విడవాలి. మూడేళ్ల క్రితం ఆయన కుడిచేయి వణకసాగింది. నిండుగా తీసిన తీర్థం పళ్లెరం చేరేలోపే నేలమీద చిందేది. మంత్రం చెప్పే కంఠం ఏమాత్రం తడబడలేదు కనుక గడప అవతల నిలిచిన భక్తులెవరికీ తెలియలేదు. తడిసిన నేలను ఆయనే తుడిచేవారు. కొన్నాళ్లకు ఒక ఉపాయం తోచింది. ఉద్ధరిణెను సగమే నింపడం మొదలుపెట్టారు. అప్పటినుండి నేల తడవలేదు.

ఈ ధనుర్మాసంలో మనుమడు ప్రక్కన నిలిచి సహాయం చేశాడు. ఒకనాడు ఏమీ ఎరుగని అమాయకత్వంతో, "ఉద్ధరిణె నిండుగా తీయాలని మీరే కదా నేర్పారు?" అని అడిగాడు. ఆచార్యులవారు బదులు చెప్పలేకపోయారు. నిర్ణయం ఆ ఉదయమే జరిగింది.

ఇప్పుడాయన "వృద్ధాప్యం" అన్న మాటను కొట్టివేశారు. ఇక వెతుక్కోకుండానే తక్కిన మాటలు వచ్చాయి. చివర ఒక్క మాటకు మాత్రం కొంతసేపు ఆలోచించి "సెలవు" అని వ్రాశారు. సెలవంటే అనుమతి. పెద్దలు పలికితే సెలవిచ్చారంటాం. అడిగేవారు అడగాలి, ఇచ్చేవారు ఇవ్వాలి. తనంత తాను తీసికొనేది కాదు.

మనుమడు కాగితం అందుకొని చదివాడు.

"విన్నపము. మూడేండ్లుగా నా చేయి వణకుచున్నది. స్వామికి నిండుగా అందవలసిన తీర్థమును సగమే సమర్పించుచు వచ్చితిని. రథసప్తమి నుండి మా మనుమడు కైంకర్యము చేయును. స్వామిని, మిమ్ములను సెలవు వేడుచున్నాను."

అతని ముఖం వాడిపోయింది. "మొదటి వాక్యం, రెండో వాక్యం తీసివేద్దాం తాతగారూ! మీరు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? అందరూ చదువుతారు."

"చదవనీ నాయనా" అన్నారు ఆచార్యులవారు. "చేయి వణికినందుకు నాకు సిగ్గులేదు. దానిని దాచడానికి స్వామి పాలు తగ్గించాను. అది చెప్పక సెలవు అడిగితే స్వామి ఎలా ఇస్తాడు? ఈ కాగితం మండపంలో ఉన్నన్నాళ్లు ఉండనీ. తరువాత తీసి నీ పెట్టెలో దాచుకో. ఏదో ఒకనాడు నీ చేయీ వణకుతుంది. ఆనాడు నీవు సగం నింపవద్దు."

మనుమడు మారు పలకలేదు. లోపలికి వెళ్లి మైదాపిండి జిగురు తెచ్చాడు.